రెండు సిలిండర్ల గోబర్ గ్యాస్ ఎక్కడికి పోయింది?

ప్రశ్న: "సార్, ఏడాది క్రితం 2 ఘనమీటర్ల దీనబంధు గోబర్ గ్యాస్ ప్లాంటు కట్టించుకున్నాం. రెండు గేదెలు, రెండు ఎద్దులు ఉన్నాయి. రోజూ పొద్దున నాలుగు తట్టల పేడ కలిపి పోస్తాం. నెలకు రెండు సిలిండర్లతో సమానమైన గ్యాస్ వస్తుందని చెప్పారు. ఇంట్లో ఆరుగురం. ఇదివరకు సిలిండర్ 25 రోజులు వచ్చేది, ఇప్పుడు 55 రోజులు వస్తోంది. పూర్తిగా మానలేకపోతున్నాం. మిగతా గ్యాస్ ఎక్కడికి పోతోంది? ఎక్కడైనా లీక్ అవుతోందా?"

సిలిండర్ ఎన్ని రోజులు వస్తోందో రాశారు కాబట్టి నా పని సగం తేలికైంది. ఇరవై ఏళ్లకు పైగా ఈ ప్లాంట్లు కట్టించి, రిపేర్లు చూసినవాణ్ని. సాధారణంగా "గ్యాస్ సరిగా రావడం లేదు" అన్న ఒక్క మాటతో ఫోను చేస్తారు, ఎంత తక్కువో ఎవరూ చెప్పరు. లీకేజీ ఉందో లేదో ఎలా తెలుసుకోవాలో తరువాత చెబుతాను. నా అంచనా మాత్రం వేరు. మీ గ్యాస్ ఎక్కడికీ పోవడం లేదు, అందులో చాలా భాగం అసలు పుట్టడమే లేదు.

ముందు మీకు రెండు సిలిండర్ల మాట చెప్పినవారు అబద్ధం చెప్పలేదని ఒప్పుకోవాలి. లెక్కను కాగితం మీదే ఆపేశారు, అంతే. గోబర్ గ్యాస్ కరపత్రాలన్నింటిలో ఘనమీటరు గ్యాస్‌కు 4,700 కిలోక్యాలరీల వేడి అని ఉంటుంది. వంటగ్యాస్ కిలోకు సుమారు 10,900 కిలోక్యాలరీలు. క్యాలరీలు చాలామందికి అంతుపట్టవు, అందుకని నేను కరెంటు బిల్లులో చూసే యూనిట్లలోకి మార్చి చెబుతుంటాను. ఒక యూనిట్ అంటే 860 కిలోక్యాలరీలు. ఆ లెక్కన ఘనమీటరు గోబర్ గ్యాస్‌లో దాదాపు 5.5 యూనిట్ల వేడి ఉంటుంది, కిలో వంటగ్యాస్‌లో 12.7 యూనిట్లు. 14.2 కిలోల సిలిండర్ మొత్తం కలిపితే 180 యూనిట్లు. ఒక ఘనమీటరు గోబర్ గ్యాస్ 430 గ్రాముల వంటగ్యాస్‌తో సమానం అనే మాట ఇక్కడినుంచే వచ్చింది. రోజుకు 2 ఘనమీటర్లయితే 860 గ్రాములు, నెలకు 26 కిలోలకు కాస్త తక్కువ, అంటే ఇంచుమించు 1.8 సిలిండర్లు. దాన్నే నోటిమాటగా రెండు అన్నారు.

ఇప్పుడు ఆ 4,700 సంగతి చూద్దాం. గోబర్ గ్యాస్‌లో మండేది మీథేన్ ఒక్కటే. అది వందకు 55 నుంచి 60 వంతులు ఉంటుంది. మిగిలినదంతా దాదాపు కార్బన్ డయాక్సైడే, అది మండదు. స్వచ్ఛమైన మీథేన్ ఘనమీటరుకు 8,550 కిలోక్యాలరీలు ఇస్తుంది, అందులో 55 శాతం లెక్కవేయండి, సరిగ్గా 4,700 వస్తుంది. కానీ ఆ 8,550 అనేది సున్నా డిగ్రీల దగ్గర కొలిచిన పొడి వాయువుకు. మన ప్లాంటులో గ్యాస్ పేరుకునే గుమ్మటంలో అది 30 డిగ్రీల దగ్గర ఉంటుంది, వేడికి వ్యాకోచించి ఉంటుంది, పైగా నీటి ఆవిరితో నిండి ఉంటుంది. వ్యాకోచం వల్ల పదో వంతు, ఆవిరి వల్ల వందకు నాలుగు వంతులు పోతాయి. మీథేన్ 57 శాతం దాకా ఉన్న మంచి ప్లాంటులో కూడా మన పొయ్యికి చేరే ఘనమీటరులో ఉండేది 4.9 యూనిట్లే.

ఆ వేడంతా గిన్నెకు చేరదు కదా. మన దేశ ప్రమాణాల ప్రకారం వంటగ్యాస్ పొయ్యి కనీసం 68 శాతం వేడిని గిన్నెకు అందించాలి, గోబర్ గ్యాస్ పొయ్యికి 55 శాతం ఉంటే చాలు. ఇది పొయ్యి తయారుచేసేవాళ్ల లోపం కాదు. గోబర్ గ్యాస్ తక్కువ ఒత్తిడితో వస్తుంది, మండని వాయువును వెంట మోసుకొస్తుంది, మంట నెమ్మదిగా పాకుతుంది. అంటే ఘనమీటరు గోబర్ గ్యాస్ నుంచి గిన్నెకు అందేది 2.7 యూనిట్లు, కిలో వంటగ్యాస్ నుంచి 8.6. వంటింట్లో నిజమైన మారకం రేటు ఇదే. ఒక ఘనమీటరు గోబర్ గ్యాస్ 310 గ్రాముల వంటగ్యాస్ చేసే పనే చేస్తుంది, 430 గ్రాములది కాదు. గోడమీద రాసుకోవలసిన అంకె ఏదైనా ఉంటే ఈ 310.

దీన్ని మీ ఇంటికి వర్తింపజేద్దాం. సిలిండర్ 25 రోజులు వచ్చినప్పుడు మీరు రోజుకు 568 గ్రాములు కాల్చేవారు. ఇప్పుడు 55 రోజులు వస్తోందంటే 258 గ్రాములు. తేడా 310 గ్రాములు. అంటే మీ ప్లాంటు ఇప్పుడు మీ పొయ్యికి రోజుకు సరిగ్గా ఒక ఘనమీటరు గ్యాస్ అందిస్తోంది. రెండు కాదు, సగం. దానికి కారణం గుమ్మటంలో కంటే తట్టలో వెతకడం మంచిది.

ఒక ఘనమీటరు గ్యాస్‌కు 25 కిలోల పచ్చి పేడ కావాలి. 2 ఘనమీటర్ల ప్లాంటుకు 50 కిలోలు. ఇది వేసవిలో, తాజా పేడతో వచ్చే లెక్క. ఏడాది పొడవునా సగటున చూస్తే 30 కిలోల దాకా పట్టడం నేను చూశాను. మీరు నాలుగు తట్టలు అన్నారు. ఖమ్మం వైపు ఒక ఊరిలో ఇలాగే ఫిర్యాదు వస్తే వెళ్లాను. ఆ ఇంటాయన తట్టకు పన్నెండు కిలోలు ఖాయం అన్నాడు. వడ్లు తూచే కాటా తెప్పించి, ఖాళీ తట్ట బరువు తీసేసి చూస్తే ఎనిమిది కిలోలకు కాస్త అటూఇటూ తేలింది. తట్ట నిండుగానే ఉంది. కానీ అడుగున గడ్డి, మీద రాత్రి పేడ, అంచులకు అంటుకుని ఎండిన పొర. ఆయన భార్య పక్కనే నిలబడి, "నేను పన్నెండు అనలేదు, ఈయనే అన్నాడు" అంది. మీ తట్ట కూడా అదే తీరున ఉంటే నాలుగు తట్టలంటే 32 కిలోలు. 30 కిలోలకు ఒక ఘనమీటరు లెక్కన 1.07 ఘనమీటర్లు. మీరు వాడుతున్న ఒక ఘనమీటరుకు ఇది దగ్గరగానే ఉంది.

నాలుగు పశువులుండగా 50 కిలోలు ఎందుకు రావడం లేదు అంటారేమో. పెద్ద పశువు రోజుకు పది నుంచి పదిహేను కిలోల పేడ వేస్తుంది, నిజమే. కానీ మీ గేదెలు మేతకు, ఎద్దులు పొలానికి వెళ్తాయి. పగటి పేడ గట్ల మీదే ఉండిపోతుంది, కొట్టంలో దొరికేది రాత్రిదే. ప్లాంటు మంజూరు చేసేటప్పుడు పశువుల తలలు లెక్కపెడతారు. పశువు పగలు ఎక్కడుంటుందో అడగరు.

ఇది నా అంచనా మాత్రమే. మీరే తూచి చూడండి, కానీ తట్టతో ఆగకండి, గ్యాస్‌ను కూడా కొలవండి. మీటరు కొనవలసిన పని లేదు. దీనబంధులో గ్యాస్ గుమ్మటంలో పేరుకునేకొద్దీ లోపలి పేడనీళ్ల మిశ్రమాన్ని, అంటే స్లర్రీని, కిందికి నెట్టి, బయటి తొట్టిలోకి ఎగదోస్తుంది. మీరు పొయ్యి వెలిగిస్తే తొట్టిలో మట్టం దిగుతుంది. ఆ దిగినంత స్లర్రీ గుమ్మటంలో ఖాళీ అయిన గ్యాస్ చోటును ఆక్రమించిందన్నమాట. తొట్టి పొడవు, వెడల్పు కొలవండి. ఉదాహరణకు పొడవు మీటరున్నర, వెడల్పు మీటరు ఇరవై సెంటీమీటర్లు అనుకుందాం, అంటే 1.8 చదరపు మీటర్లు. పొద్దున వంటకు ముందు గోడమీద బొగ్గుతో గీత పెట్టండి, వంట అయ్యాక ఇంకో గీత. మధ్య 12 సెంటీమీటర్లు ఉంటే 216 లీటర్ల గ్యాస్ కాలింది. గుమ్మటంలో ఒత్తిడి వల్ల, వంట జరుగుతుండగా కొత్తగా పుట్టే గ్యాస్ వల్ల కొద్ది తేడా వస్తుంది, దాన్ని పట్టించుకోనక్కర్లేదు. మూడు పూటలూ కలిపి వారం రోజులు రాయండి. తొట్టి గోడలు నిటారుగా కాకుండా వంపుగా ఉంటే, స్లర్రీ ఆడే మట్టం దగ్గర వెడల్పునే తీసుకోండి.

లీకేజీని కూడా ఆ గీతే చెబుతుంది. రాత్రి చివరి వంట అయ్యాక ప్రధాన వాల్వు మూసి గీత పెట్టండి. పొద్దున పేడ పోయకముందే, వాల్వు తెరవకముందే చూడండి. రోజుకు 1.07 ఘనమీటర్లు పుడుతుంటే తొమ్మిది గంటల్లో 400 లీటర్లు పుట్టాలి. నేను చెప్పిన తొట్టిలో అది 22 సెంటీమీటర్ల ఎత్తు. ఇరవై చుట్టుపక్కల లేచిందంటే గుమ్మటం గట్టిగా ఉన్నట్టే. పది లోపే లేచిందంటే పగులో, రంగు పొర ఊడిపోవడమో అనుమానించాలి. మరుసటి రాత్రి వాల్వు తెరిచి, పొయ్యి దగ్గర మాత్రం మూసి మళ్లీ చూడండి. మొదటి రాత్రి బాగా లేచి, రెండో రాత్రి తక్కువ లేస్తే లీక్ గుమ్మటంలో కాదు, పైపులో ఉంది. పైపు అతుకుల దగ్గర సబ్బునీళ్లు రాసి బుడగలు చూడండి, అగ్గిపుల్లతో వెతకవద్దు. కుళ్లిన గుడ్డు వాసన వస్తే అది హైడ్రోజన్ సల్ఫైడ్, అంటే గ్యాస్ కాలకుండానే అక్కడ బయటికి వస్తోందని అర్థం.

మంట ఎగిరెగిరి పడుతుంటే అది వేరే సంగతి, పైపు వంగిన చోట నీరు నిలిచింది. ముందు చెప్పిన ఆవిరే అక్కడ చల్లబడి నీరయింది. పైపుకు అతి పల్లంలో ఉన్న చోట నీటి వాల్వు ఉండాలి. ఉంటే వారానికోసారి తెరిచి వదిలేయండి, లేకపోతే పెట్టించండి.

ఇప్పుడు సిలిండర్ పూర్తిగా మానడం గురించి. మీకు రోజుకు కావలసింది 568 గ్రాముల వంటగ్యాస్ చేసే పని. దాన్ని 310తో భాగిస్తే 1.83 ఘనమీటర్లు. మంచి పేడ అయితే 46 కిలోలు, సగటు లెక్కలో 55. అంటే మీ ప్లాంటు సైజు సరిగ్గానే ఉంది. తక్కువైంది రోజుకు 14 నుంచి 23 కిలోల పేడ. పగటి పేడలో కొంత ఏరించండి, లేదా పశువులు ఉండీ ప్లాంటు లేని పక్కింటివాళ్ల దగ్గర, స్లర్రీలో వాటా ఇస్తామని చెప్పి తీసుకోండి. పేడ ఊరికే ఇవ్వడానికి వాళ్లకు మనసొప్పదు, స్లర్రీ ఎరువు తిరిగి వస్తుందంటే ఇస్తారు. మిగిలిపోయిన అన్నం, కూరగాయల తొక్కలు కిలోకు పేడకంటే ఎక్కువ గ్యాస్ ఇస్తాయి. కానీ రోజుకు ఒకటి రెండు కిలోలు దాటనివ్వకండి. ఒక్కసారి ఎక్కువ వేస్తే లోపల పులిసి, మీథేన్ చేసే సూక్ష్మజీవులు మందగిస్తాయి. అప్పుడు తొట్టిలో పుల్లటి వాసన వస్తుంది, గ్యాస్ వస్తుంది కానీ అంటుకోదు. అలా అయితే వారంపాటు తొక్కలు ఆపి, ఉత్త పేడే పోయండి.

పేడ పెంచితే ఇప్పుడు లేని సమస్య ఒకటి మొదలవుతుంది. దీనబంధు నమూనాను ఆఫ్‌ప్రో సంస్థ 1984లో తక్కువ ఖర్చుతో కట్టుకునేలా రూపొందించింది. ఇనుప డ్రమ్ము లేదు కాబట్టే చవక. కానీ ఆ గుమ్మటం రోజు ఉత్పత్తిలో మూడో వంతే దాచుకోగలదు. 2 ఘనమీటర్ల ప్లాంటులో 660 లీటర్లు. ప్లాంటు మీద రాసిన 2 అనేది రోజంతా పుట్టే గ్యాస్, నిలవ ఉండే గ్యాస్ కాదు. దీన్ని చాలామంది తప్పుగా అర్థం చేసుకుంటారు. 1.83 ఘనమీటర్లు పుట్టే ప్లాంటులో రాత్రి ఎనిమిదిన్నర నుంచి పొద్దున ఆరు దాకా 720 లీటర్లు పుడతాయి, అందులో 60 లీటర్లకు చోటు ఉండదు. స్లర్రీ పొంగి బయటి తొట్టి రంధ్రం గుండా పోతుంది, ఆ తరువాత గ్యాస్ బయటి తొట్టిలో బుడగలై లేస్తుంది. తెల్లవారుజామున తొట్టి దగ్గర బుడబుడ శబ్దం వినిపిస్తే పోయేది అదే. అందుకని పొయ్యి ఉదయం ఐదింటికే వెలిగించి పశువుల దాణా ఉడికించండి, స్నానాలకు నీళ్లు కాచండి. మధ్యాహ్నం ఖాళీగా ఉండే వేళ కంటే తెల్లవారుజాము గ్యాస్‌ను వాడుకోవడమే లాభం. సిలిండర్‌కు, దీనికి అసలు తేడా ఇక్కడే ఉంది. సిలిండర్‌ను కట్టేస్తే వేడి అందులోనే ఉంటుంది, గుమ్మటం నిండాక పొయ్యి కట్టేస్తే గ్యాస్ గాలిలో కలుస్తుంది.

మిగిలిన గ్యాస్‌ను సిలిండర్‌లో నింపుకోలేమా అని తరువాతి ప్రశ్న ఎప్పుడూ వస్తుంది, అందుకని ఇప్పుడే చెప్పేస్తాను. వంటగ్యాస్‌ను మామూలు వేడిలోనే కొద్దిపాటి ఒత్తిడితో ద్రవంగా మార్చవచ్చు, అందుకే అంత చిన్న సీసాలో 180 యూనిట్లు ఇమిడాయి. మీథేన్ మైనస్ 82 డిగ్రీలకు పైన ఎంత ఒత్తిడి పెట్టినా ద్రవం కాదు. ఆ 180 యూనిట్లు గోబర్ గ్యాస్‌గా కావాలంటే 37 ఘనమీటర్లు కావాలి. పన్నెండు అడుగుల పొడవు, పదకొండు అడుగుల వెడల్పు, పది అడుగుల ఎత్తు ఉన్న గదిని గచ్చు నుంచి స్లాబు దాకా గ్యాస్‌తో నింపినట్టు. సైకిల్ ట్యూబులో, ట్రాక్టరు ట్యూబులో నింపి దాచుకున్నవాళ్లను చూశాను. ట్యూబు పెద్దది, గ్యాస్ కొంచెం, ప్రమాదం ఎక్కువ. వద్దు.

నీళ్ల విషయం ఒక్కటి సరిచూసుకోండి. పేడ ఎంతో నీళ్లు అంతే ఉండాలి. పచ్చి పేడలో ఘనపదార్థం ఐదో వంతుకు కాస్త తక్కువ ఉంటుంది. సమంగా కలిపితే అది పదిలో ఒక వంతు దగ్గరికి వస్తుంది, ప్లాంటుకు అదే కావాలి. కొట్టం కడిగిన నీళ్లన్నీ కలుపు తొట్టిలోకి మళ్లించుకుంటే పేడ పలుచనై, బరువైనది అడుగున దిగిపోతుంది, గడ్డి పైన తేలి గట్టిపడుతుంది. పేడ లోపల ఉండాల్సిన నలభై రోజులూ ఉండకుండానే బయటికి వచ్చేస్తుంది. బయటికి వచ్చే స్లర్రీ చూసి చెప్పవచ్చు. బాగా జీర్ణమైన స్లర్రీకి పేడ వాసన దాదాపు ఉండదు, ఈగలు ముసరవు. ఇంకా పచ్చిపేడ వాసన వస్తుంటే, మీరు గ్యాస్‌ను స్లర్రీలోనే బయట పోస్తున్నారు. ఫినాయిలు వేసి కడిగిన నీళ్లు అసలే పోయకండి.

చలికాలం గురించి ముందే తెలుసుకోండి. లోపల ఉష్ణోగ్రత 20 డిగ్రీల కిందికి వెళ్లేకొద్దీ గ్యాస్ పడిపోతుంది. డిసెంబరు, జనవరిలో మూడో వంతు తగ్గడం మామూలే. ఆ రెండు నెలలు గోరువెచ్చని నీళ్లతో, ఎండ వచ్చాక పేడ కలపండి, పొద్దున్నే చల్లటి నీళ్లతో వద్దు. ఎంత చేసినా ఆ కాలంలో సిలిండర్ ఒకటి ఇంట్లో ఉండక తప్పదు.

చివరగా పొయ్యి. మీరు గోబర్ గ్యాస్‌కు విడిగా పొయ్యి కొన్నారా, లేక పాత వంటగ్యాస్ పొయ్యికే జెట్ రంధ్రం పెద్దది చేయించారా? మీరు రాయలేదు. రెండోదైతే నేను వేసిన 55 శాతం లెక్క మీకు వర్తించదు, 40 దగ్గర ఉండవచ్చు, అప్పుడు అదే గ్యాస్‌తో పావు వంతుకు పైగా తక్కువ వంట అవుతుంది. పరీక్ష సులువే. మూత ఉన్న గిన్నెలో ఐదు లీటర్ల నీళ్లు పెట్టండి. గంటకు 450 లీటర్లు కాల్చే మామూలు గోబర్ గ్యాస్ పొయ్యి మీద దాదాపు ఇరవై నిమిషాల్లో మరగాలి. మంట పసుపుగా, పొడుగ్గా ఉంటే గాలి చాలడం లేదు, గాలి బిళ్ళ కొంచెం తెరవండి. మంట బర్నరు నుంచి పైకి లేచి ఆరిపోతుంటే గాలి ఎక్కువైంది, మూయండి. అడుగున కుదురుగా నీలంగా నిలిచి సన్నగా శబ్దం చేసే దగ్గర వదిలేయండి. అప్పటికీ అరగంట దాటితే పొయ్యి మార్చడం గురించి ఆలోచించాలి.

తట్ట బరువు, తొట్టి కొలతలు, మూడు పూటలా మట్టం దిగిన సెంటీమీటర్లు, రాత్రి లేచిన సెంటీమీటర్లు వారం రోజులు రాసి ఇక్కడే పెట్టండి. పేడ తక్కువా, గుమ్మటం కారుతోందా అన్నది ఆ అంకెలు చూస్తే తేలిపోతుంది.